చిన్న గేమ్‌కు యాడ్ మీడియేషన్: ఏది పెట్టుకోవాలి, రిపోర్టు ఎలా చదవాలి

ఈసీపీఎం, అంటే వెయ్యి యాడ్‌లు చూపిస్తే వచ్చే డబ్బు, రెట్టింపైన వారంలోనే ఆదాయం తగ్గొచ్చు. ఈసీపీఎం పడిపోయిన వారంలోనే ఆదాయం పెరగొచ్చు. రెండూ మామూలుగా జరిగేవే. లెక్క వేసి చూసుకోకపోతే మాత్రం మొదటిదానికి సంబరపడి, రెండోదానికి కంగారుపడి, బాగా నడుస్తున్న సెటప్‌ను మీరే చెడగొట్టుకుంటారు.

ఒకరిద్దరు కలిసి చేసిన ఆండ్రాయిడ్ గేమ్, రోజుకు కొన్ని వేల మంది ఆడేది మీకు ఉందనుకుని ఇది రాస్తున్నాను. ఉదాహరణకు కడప కుర్రాళ్ళు ఇద్దరు చేసిన బొంగరాల ఆట తీసుకుందాం. ఓడిపోతే ఒక వీడియో చూసి ఇంకో ప్రాణం తెచ్చుకోవచ్చు. అంటే రివార్డెడ్ యాడ్. ఆడేవాళ్ళలో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్ళే. కానీ రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళు కూడా కొందరు ఆడుతుంటారు. ఆ కొందరి సంగతి తర్వాత పనికొస్తుంది. అంకెలన్నీ లెక్క తేలిగ్గా తెమిలేలా నేను వేసుకున్నవి. మీ గేమ్‌కు అవే వస్తాయనుకోకండి.

1. ముందు మీడియేషన్ అవసరమా అని చూసుకోండి

మీడియేషన్ అంటే గేమ్‌కూ ప్రకటనల నెట్‌వర్కులకూ మధ్యన కూర్చుని, ఈసారి యాడ్ ఎవరి దగ్గర తీసుకోవాలో తేల్చే పొర. పది నెట్‌వర్కులు పెడితే పోటీ పెరిగి రేటు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెద్ద గేమ్‌కు అది కొంతవరకు నిజమే. చిన్న గేమ్‌కు ఇంకో చిక్కుంది: మీడియేషన్‌లో చేర్చిన బయటి నెట్‌వర్కులు దేని డబ్బు అది విడిగా పంపుతాయి. ఒక్కోదానికి కనీస మొత్తం ఉంటుంది, అది దాటేదాకా చెల్లింపు రాదు. గూగుల్ వాళ్ళ ప్రకటనల నెట్‌వర్క్ యాడ్‌మాబ్‌కు డాలర్లలో అది 100. నెలకు మొత్తం 150 డాలర్లు వచ్చే గేమ్‌ను ఆరు నెట్‌వర్కులకు పంచితే డ్యాష్‌బోర్డులో 150 కనిపిస్తుంది, బ్యాంకులో మాత్రం ఏమీ పడకపోవచ్చు. చాలా చోట్ల నెలలకొద్దీ నానుతూ ఉంటుంది.

పైగా ప్రతి నెట్‌వర్క్‌కూ గేమ్‌లో కలపాల్సిన ఒక ఎస్‌డీకే, దాన్ని మీడియేషన్‌తో కలిపే ఒక అడాప్టర్. యాప్ బరువు పెరుగుతుంది. చవక ఫోన్ వాడేవాడి చేతిలో గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. ప్లే కన్సోల్‌లో డేటా సేఫ్టీ ఫారం కూడా ఆ ఎస్‌డీకేలు సేకరించే సమాచారానికి తగ్గట్టు మార్చాల్సి వస్తుంది.

నా సలహా ఇది. యాడ్‌మాబ్ ఒక్కటే పెట్టి మొదలుపెట్టండి. అది ప్రతి నెలా 100 డాలర్లు దాటుతున్నప్పుడు రెండో నెట్‌వర్క్, ఆ రెండోది కూడా తన కనీస మొత్తాన్ని తేలిగ్గా దాటుతున్నప్పుడు మూడోది. మూడు దాటి వెళ్ళాల్సిన చిన్న గేమ్‌లు తక్కువ.

2. బిడ్డింగా, వాటర్‌ఫాలా

కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డలు తెచ్చిన రైతు రెండు రకాలుగా అమ్మొచ్చు. పోయిన నెల ఎవరు ఎక్కువిచ్చారో గుర్తుపెట్టుకుని ముందు ఆ వ్యాపారి దగ్గరికి, ఆయన వద్దంటే రెండో ఆయన దగ్గరికి వెళ్ళొచ్చు. లేదా అందరినీ ఒకచోట నిలబెట్టి వేలం పాడించొచ్చు. మొదటిది వాటర్‌ఫాల్, రెండోది బిడ్డింగ్.

వాటర్‌ఫాల్‌లో వరస నిర్ణయించేది పాత సగటు రేటు. ఈ క్షణంలో ఈ ఆటగాడికి మూడో నెట్‌వర్క్ ఎక్కువ ఇవ్వగలిగినా, మొదటిది సరేనంటే ఆ మాట అక్కడికి చేరదు. ఒక్కొక్కరినే అడుగుతూ పోవడం వల్ల ఆలస్యం కూడా అవుతుంది. మన ఊళ్ళ బయట సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ఆ ఆలస్యం తెలుస్తుంది. అందుకే చేర్చే నెట్‌వర్క్ బిడ్డింగ్‌లో దొరికితే బిడ్డింగ్‌లోనే చేర్చండి. మెటా ఆడియన్స్ నెట్‌వర్క్ అయితే 2021 నుంచే బిడ్డింగ్‌కు తప్ప రాదు. బిడ్డింగ్‌లో దొరకని నెట్‌వర్క్‌ను మాత్రమే వాటర్‌ఫాల్‌లో పెట్టండి.

ఇక ఏ మీడియేషన్? మన స్థాయిలో ఎక్కువగా వినబడేవి మూడు: యాడ్‌మాబ్ మీడియేషన్, యాప్‌లవిన్ వాళ్ళ మ్యాక్స్, యూనిటీ వాళ్ళ లెవెల్‌ప్లే. గేమ్ ఆదాయంలో పెద్ద భాగం యాడ్‌మాబ్‌దే అయితే యాడ్‌మాబ్‌లోనే ఉండిపోండి, ఒక లాగిన్ తగ్గుతుంది. వీడియో యాడ్‌లే ప్రధానమై, ఆడేవాళ్ళలో విదేశాల వాళ్ళు బాగా పెరిగాక మ్యాక్స్‌నో లెవెల్‌ప్లేనో పరీక్షించడంలో అర్థముంది. ఏది తీసుకున్నా యాడ్ కోడ్‌ను గేమ్ అంతటా చల్లకండి. లోడ్ చెయ్యి, సిద్ధంగా ఉందా, చూపించు అనే మూడు ఫంక్షన్లతో ఒకే క్లాసులో పెట్టి, మిగతా గేమ్ ఆ క్లాసుతోనే మాట్లాడేలా చేయండి. ఎప్పుడో మారాల్సి వస్తుంది. ఒకప్పుడు ఎంతోమంది వాడిన మోపబ్ మీడియేషన్‌ను ట్విట్టర్ 2021లో యాప్‌లవిన్‌కు అమ్మితే, 2022 మార్చి 31తో అది మూతపడింది. దాన్ని నమ్ముకున్న గేమ్‌లన్నీ కొద్ది నెలల్లో వేరేచోటికి మారాల్సి వచ్చింది.

3. పెట్టేటప్పుడు తప్పక చూడాల్సినవి

గేమ్ తయారవుతున్నంతకాలం మీ అసలు యాడ్ యూనిట్ వాడకండి. ఆండ్రాయిడ్ రివార్డెడ్ యాడ్‌కు గూగుల్ ఇచ్చిన టెస్ట్ యూనిట్ ఇది:

```
ca-app-pub-3940256099942544/5224354917
```

గేమ్ విడుదలయ్యాక హాస్టల్లో స్నేహితులందరికీ పంపి "యాడ్ నొక్కండ్రా, నాకు డబ్బులొస్తాయి" అని చెప్పే అలవాటు మనవైపు బాగా ఉంది. అది చెల్లని ట్రాఫిక్ కిందికి వస్తుంది. ఆ డబ్బు వెనక్కి తీసుకుంటారు, ఒక్కోసారి ఖాతానే మూసేస్తారు. ఇలాంటి విషయాల్లో ఖాతా తిరిగి తెరిపించుకోవడం చాలా కష్టం.

తర్వాత `app-ads.txt`. మీ యాప్‌లో ప్రకటన స్థలం అమ్మే హక్కు ఎవరికుందో చెప్పే ఫైలు ఇది. ప్లే స్టోర్ పేజీలో మీరిచ్చిన వెబ్‌సైట్ రూట్ ఫోల్డర్‌లో ఉండాలి. యాడ్‌మాబ్‌కు ఒక వరస చాలు, మధ్యలో మీ పబ్లిషర్ నంబరు పెట్టండి:

```
google.com, pub-0000000000000000, DIRECT, f08c47fec0942fa0
```

కొత్త నెట్‌వర్క్ చేర్చినప్పుడల్లా వాళ్ళిచ్చే వరసలు కూడా ఇందులో కలపాలి. చేర్చిన నెట్‌వర్క్‌కు ఎప్పుడూ ఆదాయం సున్నా అని కనిపిస్తుంటే నేను మొదట తెరిచి చూసేది ఈ ఫైలే. ఆ తర్వాత యాడ్‌మాబ్ అయితే `Ad inspector`, మ్యాక్స్ అయితే `Mediation Debugger` ఫోన్‌లోనే తెరిస్తే ఏ అడాప్టర్ మొదలైంది, ఏది మొదలవ్వలేదు అన్నది కనిపిస్తుంది.

4. రిపోర్టును గొలుసులా చదవండి

రిపోర్టులో పది నిలువు వరసలు కనిపిస్తాయి. నాలుగు చాలు. గేమ్ యాడ్ అడిగినది రిక్వెస్టు. అందులో ఎన్నింటికి యాడ్ దొరికిందన్నది ఫిల్ రేటు, యాడ్‌మాబ్ తెర మీద దాని పేరు `Match rate`. దొరికినవాటిలో ఎన్ని ఆటగాడి కళ్ళ ముందుకు వచ్చాయన్నది `Show rate`. అలా చూపించిన ప్రతి వెయ్యికి ఎంత వచ్చిందన్నది ఈసీపీఎం. ఈ నాలుగూ ఒకదానికొకటి గొలుసులా తగులుకుని ఉంటాయి:

```
revenue = requests × match rate × show rate × eCPM ÷ 1000
```

ఒక్క ఈసీపీఎం పెంచి, దాని ముందున్న గొలుసు తెంచితే ఆదాయం ఎలా పడుతుందో చూద్దాం. బొంగరాల ఆటలో ఇండియా ఆటగాళ్ళ నుంచి ఒకరోజు 10,000 రిక్వెస్టులు వచ్చాయి. 95 శాతానికి యాడ్ దొరికింది, అంటే 9,500. అందులో 70 శాతం చూపించగలిగారు, 6,650. ఈసీపీఎం 0.80 డాలర్లు. ఆదాయం 5.32 డాలర్లు.

రేటు మరీ తక్కువగా ఉందని, 1.50 డాలర్లకు తక్కువైతే యాడ్ వద్దని ఫ్లోర్ పెట్టారనుకోండి. మర్నాడు ఈసీపీఎం 1.90 చూపిస్తుంది. రెట్టింపు కంటే ఎక్కువ. కానీ ఆ ధర పెట్టేవాళ్ళు తక్కువ కాబట్టి 10,000 రిక్వెస్టుల్లో 3,000కే యాడ్ దొరికింది. 70 శాతం లెక్కన చూపించినవి 2,100. ఆదాయం 3.99 డాలర్లు. నాలుగో వంతు పోయింది. తక్కువ ధర యాడ్‌లను తరిమేశాక మిగిలినవాటి సగటు పెరగడమే ఇక్కడ జరిగింది, కొత్తగా ఎవరూ ఎక్కువ ఇవ్వలేదు.

అందుకని ఫ్లోర్ మార్చినప్పుడు ఈసీపీఎం వైపు చూడకండి. వెయ్యి రిక్వెస్టులకు ఎంత వచ్చిందో చూడండి. ముందు 0.532, తర్వాత 0.399. ఈ ఒక్క అంకె ఫిల్ రేటునూ ఈసీపీఎంనూ కలిపి చెబుతుంది.

ఫ్లోర్ అసలు వద్దని కాదు. ఎక్కువ ఫ్లోర్ ఉన్న యూనిట్ పైన, మధ్యస్థంది దాని కింద, ఫ్లోర్ లేనిది అట్టడుగున పెడితే పైన దొరకనిది కింద దొరుకుతుంది. యాడ్ ఖాళీగా పోదు. రెండు మూడు మెట్లు చాలు. ఎనిమిది మెట్లు కట్టినవాళ్ళను చూశాను, యాడ్ వచ్చేసరికి ఆటగాడు మళ్ళీ మొదటి లెవెల్ మొదలుపెట్టి ఉంటాడు.

ఫిల్ రేటు పడిపోవడం వల్ల రిపోర్టులో కనిపించని నష్టం ఒకటుంది. "వీడియో చూస్తే ఇంకో ప్రాణం" అన్న బటన్ నొక్కితే ఏమీ రాకపోతే ఆటగాడు రెండోసారి దాన్ని నొక్కడు. యాడ్ లోడ్ అయితేనే బటన్ కనిపించేలా చేయండి.

ఇక షో రేటు. రివార్డెడ్‌లో ఇది వంద దగ్గరికి రాదు, చూడాలా వద్దా అన్నది ఆటగాడి ఇష్టం కదా. కానీ 15, 20 శాతం దగ్గర కూర్చుంటే కోడ్‌లో ఏదో ఉంది. ఎక్కువగా కనిపించే కారణం గేమ్ తెరవగానే యాడ్ తెచ్చి పెట్టుకోవడం. యాడ్‌మాబ్ రివార్డెడ్ యాడ్ గానీ, ఆట మధ్యలో తెర నిండా వచ్చే ఇంటర్‌స్టీషియల్ యాడ్ గానీ గంట దాటితే చెల్లదు. ఫోన్ పక్కన పెట్టేసి సాయంత్రం మళ్ళీ తీసినవాడికి ఆ పాత యాడ్ పనికిరాదు, కొత్త రిక్వెస్టు పంపాల్సిందే. మొదటి లెవెల్ మొదలయ్యాక లోడ్ చేసి, గంట దాటితే పారేసి మళ్ళీ తెచ్చుకుంటే సరిపోతుంది.

ఒక హెచ్చరిక. నెట్‌వర్కులవారీగా విడదీసి చూసినప్పుడు ఫిల్ రేటుకు అర్థం మారుతుంది. వాటర్‌ఫాల్‌లో కింద ఉన్న నెట్‌వర్క్‌కు పైవాళ్ళు వద్దన్న మిగులే వస్తుంది కాబట్టి దాని ఫిల్ తక్కువగా ఉండటం సహజం. బిడ్డింగ్‌లో అయితే యాడ్ ఇవ్వకపోవడం వేరు, ఇస్తానని వేలంలో ఓడిపోవడం వేరు. మొత్తం యాడ్ యూనిట్‌కు ఫిల్ బాగుంటే, ఒక్కో నెట్‌వర్క్ ఫిల్ చూసి దాన్ని తీసేయకండి. దాన్ని తీసేస్తే మొత్తం ఆదాయం ఎంత తగ్గుతుందన్నదే ప్రశ్న.

5. దేశాలవారీగా విడదీయకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి

"అన్నా, ఈసీపీఎం పడిపాయ. నెట్‌వర్క్ మార్చేద్దామా?" అని ఫోన్ వస్తే నేను మొదట అడిగేది, దేశాలవారీగా చూశావా అని. బొంగరాల ఆట రెండు వారాల లెక్క ఇలా ఉందనుకోండి.

మొదటి వారం ఇండియాలో 30,000 యాడ్‌లు చూపించారు, ఈసీపీఎం 0.80, వచ్చింది 24 డాలర్లు. కువైట్‌లో 6,000, ఈసీపీఎం 4.00, అదీ 24 డాలర్లే. మొత్తం 36,000 యాడ్‌లకు 48 డాలర్లు, సగటు ఈసీపీఎం 1.33.

రెండో వారం ఎవరో తెలుగు యూట్యూబర్ ఈ ఆట ఆడి చూపించాడు. ఇండియాలో ఒక్కసారిగా 70,000 యాడ్‌లు, ఈసీపీఎం 0.85, వచ్చింది 59.50. కువైట్‌లో అదే 6,000, ఈసీపీఎం 4.20, వచ్చింది 25.20. మొత్తం 76,000 యాడ్‌లకు 84.70 డాలర్లు, సగటు 1.11.

రెండు దేశాల్లోనూ రేటు పెరిగింది. ఆదాయం దాదాపు 76 శాతం పెరిగింది. పైన పెద్ద అక్షరాల్లో కనిపించే సగటు మాత్రం 1.33 నుంచి 1.11కు దిగింది. తక్కువ రేటున్న దేశం వాటా పెరిగింది, అంతే. ఈ వారంలో నెట్‌వర్క్ మార్చి ఉంటే, తర్వాత జరిగిన ప్రతి మార్పూ ఆ కొత్త నెట్‌వర్క్ వల్లే అనిపిస్తుంది.

కాబట్టి రిపోర్టు తెరవగానే ఈ వరసలో చూడండి: ముందు దేశం, తర్వాత యాడ్ రకం, చివర నెట్‌వర్క్. బ్యానర్‌నూ రివార్డెడ్‌నూ కలిపిన ఈసీపీఎం కూడా ఇలాగే మోసం చేస్తుంది. బ్యానర్ రేటు ఎప్పుడూ చాలా తక్కువ, సంఖ్య మాత్రం చాలా ఎక్కువ. కొత్తగా బ్యానర్ పెట్టిన రోజే సగటు కుప్పకూలుతుంది.

నెలల తేడా కూడా గుర్తుంచుకోండి. దసరా, దీపావళి నుంచి డిసెంబరు చివరిదాకా ప్రకటనదారులు ఎక్కువ ఖర్చు పెడతారు, జనవరి మొదట్లో చేతులు ముడుచుకుంటారు. జనవరి మొదటి వారపు ఈసీపీఎంను డిసెంబరుతో పోల్చి సెటప్ మార్చకండి.

6. రెండు రిపోర్టులు ఎందుకు కలవవు

మీడియేషన్ రిపోర్టులో ఒక అంకె, అదే నెట్‌వర్క్ సొంత డ్యాష్‌బోర్డులో ఇంకో అంకె. మొదటి అనుమానం గడియారం. చాలా నెట్‌వర్కులు రోజును యూటీసీ ప్రకారం లెక్కిస్తాయి. వాళ్ళ రోజు మనకు తెల్లవారుజామున 5:30కి మొదలవుతుంది. మన అర్ధరాత్రి నుంచి 5:30 దాకా ఆడిన ఆట వాళ్ళ లెక్కలో నిన్నటిదే. యాడ్‌మాబ్ ఖాతా ఏ టైమ్ జోన్‌లో ఉందో సెట్టింగ్స్‌లో చూడండి. ఒక్కరోజు లెక్క పోల్చకుండా నెల మొత్తం పోల్చితే ఈ తేడా దాదాపు పోతుంది.

అప్పటికీ రెండు మూడు శాతం తేడా ఉంటే వదిలేయండి. యాడ్ ఏ క్షణంలో "చూపించినట్టు" లెక్కించాలన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చూస్తారు. పది శాతం దాటితే మాత్రం వెతకాలి. వాటర్‌ఫాల్ నెట్‌వర్క్‌కు రిపోర్టింగ్ ఏపీఐ కీ ఇవ్వకపోతే, మీడియేషన్‌కు దాని అసలు రేటు తెలియదు. మీరు చేత్తో టైపు చేసిన ఈసీపీఎంనే పట్టుకుని వరస కడుతుంది. ఆర్నెల్ల కిందట 2 డాలర్లని రాసి మరిచిపోతే, ఇప్పుడు 0.60 ఇస్తున్నా అది పైనే కూర్చుంటుంది.

ఇంకో సంగతి, నెల మధ్యలో కనిపించేది అంచనా ఆదాయమే. చెల్లని క్లిక్కులు తీసేశాక మిగిలేదే చేతికొస్తుంది. యాడ్‌మాబ్ అయితే ముందు నెలాఖరుకు నిల్వ 100 డాలర్లు చేరి ఉంటే 21 నుంచి 26వ తేదీల మధ్య పంపుతుంది. ఖాతా కొత్తదైతే నిల్వ 10 డాలర్లు చేరాక చిరునామా ధ్రువీకరణకు పిన్ పోస్టులో వస్తుంది. డోర్ నంబరు, వీధి, పోస్ట్‌మ్యాన్‌కు తెలిసిన గుర్తు అన్నీ సరిగ్గా రాయండి. "పాత బస్టాండ్ దగ్గర" అని రాస్తే ఆ కవరు ఎక్కడో తిరుగుతూ ఉంటుంది.

7. కొత్త నెట్‌వర్క్ ఉంచాలా, తీసేయాలా

చేర్చాక కనీసం రెండు పూర్తి వారాలు ఆగండి. ఆదివారం ఆట, మంగళవారం ఆట ఒకటి కావు, కాబట్టి వారాలు నిండుగా ఉండాలి. యాడ్‌మాబ్‌లోనూ మ్యాక్స్‌లోనూ ఆటగాళ్ళను రెండు భాగాలు చేసి పోల్చే ఏ/బీ పరీక్ష ఉంది. వీలుంటే అదే వాడండి, అప్పుడు పండగలూ యూట్యూబర్లూ రెండు వైపులా సమానంగా పడతాయి.

పోల్చాల్సింది రోజుకు ఒక్కో ఆటగాడి నుంచి వచ్చిన ఆదాయం: ఆ రోజు ఆదాయాన్ని ఆ రోజు ఆడినవాళ్ళ సంఖ్యతో భాగించండి. 4,000 మంది ఆడితే 9 డాలర్లు వచ్చాయంటే తలకు 0.00225 డాలర్లు. మరీ చిన్న అంకె కాబట్టి వెయ్యిమందికి 2.25 అని రాసుకుంటే చూడటానికి బాగుంటుంది. ఇంత చిన్న గేమ్‌లో మూడు నాలుగు శాతం తేడా గాలివాటం కావచ్చు, దాన్ని గెలుపుగా తీసుకోకండి. అదే సమయంలో ప్లే కన్సోల్ వైటల్స్‌లో క్రాష్‌లు, గేమ్ స్పందించకుండా బిగుసుకుపోయే ఏఎన్ఆర్‌లు పెరిగాయేమో చూడండి. పది శాతం ఆదాయం తెచ్చి గేమ్‌ను ఫోన్లలో వేలాడదీసే నెట్‌వర్క్ నాకైతే వద్దు.

తీసేయాలని తేలితే వెంటనే తీసేయకండి. అక్కడ ఎంత నిల్వ ఉందో, కనీస మొత్తానికి ఎంత తక్కువుందో ముందు చూడండి. కనీసం 100 అయి మీకు 88 ఉంటే, అది 100 దాటేదాకా ఉంచి, ఆ చెల్లింపు బ్యాంకులో పడ్డాక తర్వాతి అప్‌డేట్‌లో ఎస్‌డీకే, అడాప్టర్, `app-ads.txt`లోని దాని వరసలు, డేటా సేఫ్టీ ఫారంలో దానికోసం పెట్టిన టిక్కులు అన్నీ కలిపి తీసేయండి.